జవాబును మళ్లీ సమీకరణంలో పెట్టి చూడండి

లెక్క అయిపోయింది. పేజీ అడుగున జవాబు రాసి, దాని చుట్టూ డబ్బా గీసి, విద్యార్థి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాడు. పైన రెండు పేజీల నిండా కొట్టివేతలు, బాణం గుర్తులు, మార్జిన్‌లో చిన్న చిన్న కూడికలు. ఆ జవాబు ఒప్పో తప్పో తెలియాలంటే ఈ రెండు పేజీలనూ మొదటి నుంచి వరసగా చదవాల్సిందేనని చాలామంది అనుకుంటారు. అవకలన సమీకరణాల విషయంలో ఆ అవసరం లేదు. డబ్బాలో ఉన్న ఒక్క లైను, ప్రశ్నపత్రంలో ఉన్న ఒక్క ప్రశ్న చాలు. మధ్యలో ఏం జరిగిందో చూడకుండానే జవాబు సంగతి తేల్చేయవచ్చు. తప్పయితే అది ఎక్కడ పుట్టిందో కూడా చాలాసార్లు చెప్పవచ్చు.

మన దగ్గర ఇంటర్ రెండో ఏడాదిలో పిల్లలకు అవకలన సమీకరణాలు పరిచయమవుతాయి. డిగ్రీలో, ఇంజనీరింగ్‌లో మళ్లీ వస్తాయి. సాధించే పద్ధతులు అన్ని చోట్లా చెబుతారు. సరిచూసే పద్ధతికి మాత్రం పుస్తకంలో రెండు లైన్లు, క్లాసులో రెండు నిమిషాలు దక్కితే ఎక్కువ. అందుకే ఒకే ఒక్క లెక్కను తీసుకుని, దాన్ని సరిచూడటం ఎలాగో చివరిదాకా చేసి చూపిస్తాను. లెక్కలు వదిలేసి చాలా కాలమైనవాళ్లు కూడా కూడికలు, తీసివేతలు గుర్తుంటే నాతో రావచ్చు.

ముందు అసలు ఈ సమీకరణం అంటే ఏమిటో చూద్దాం. 2x + 3 = 11 వంటి మామూలు సమీకరణంలో మనకు తెలియనిది ఒక సంఖ్య. x విలువ 4 అని ఎవరైనా చెబితే, ఆ 4ను తీసుకెళ్లి x స్థానంలో పెడతాం. 8కి 3 కలిపితే 11 వచ్చింది కాబట్టి జవాబు సరైనదే. అవకలన సమీకరణంలో తెలియనిది సంఖ్య కాదు, ఒక సూత్రం. విజయవాడ నుంచి బయలుదేరిన బస్సు ఎంత దూరం వెళ్లిందో y అనుకోండి, గడిచిన సమయం x అనుకోండి. ఆ దూరం ఎంత వేగంగా పెరుగుతోందో చెప్పేది y′. ఆ వేగం కూడా ఎంత చురుగ్గా మారుతోందో చెప్పేది y″. వీటిని మొదటి అవకలజం, రెండో అవకలజం అంటారు. దూరం, వేగం, వేగంలో మార్పు, ఈ మూడింటికీ మధ్య ఉన్న సంబంధాన్ని సమీకరణం చెబుతుంది. ఆ సంబంధానికి ప్రతి క్షణమూ కట్టుబడి ఉండే సూత్రాన్ని మనం కనిపెట్టాలి.

సంబంధం ఒక్కటే తెలిస్తే సరిపోదు. బస్సు బయలుదేరినప్పుడు ఎక్కడ ఉందో, ఎంత వేగంతో ఉందో కూడా చెప్పాలి. లేకపోతే ఒకే సంబంధానికి కట్టుబడిన సూత్రాలు లెక్కలేనన్ని వస్తాయి. ఆ మొదటి విలువలనే తొలి నిబంధనలు అంటాం. సమీకరణంలో y″ దాకా ఉంటే సాధారణంగా రెండు తొలి నిబంధనలు కావాలి.

సూత్రం చేతిలో ఉంటే దాని అవకలజం తీయడం యంత్రంలా సాగిపోయే పని. నియమాలు నాలుగో అయిదో ఉన్నాయి, వాటిని తప్పకుండా పాటిస్తే జవాబు వచ్చి తీరుతుంది. వెనక్కి రావడమే కష్టం. అవకలజాల మధ్య సంబంధం ఇచ్చి అసలు సూత్రం చెప్పమంటే, ఇది పనికొస్తుందేమో అని ఊహించాలి, ఒక్కో రకానికి ఒక్కో ఉపాయం వాడాలి. 1676లో న్యూటన్ లైబ్నిజ్‌కు చేరేలా రాసిన ఒక ఉత్తరంలో తన విద్య సారాంశాన్ని ఎవరికీ అర్థం కాకుండా అక్షరాలు కలగలిపి దాచాడు. విప్పి చూస్తే అందులో ఉన్న మాట ఇంతే: మారే రాశుల మధ్య సమీకరణం ఇస్తే వాటి మార్పు వేగాలను కనుక్కోవడం, మళ్లీ దానికి తిరుగు దారి. మొదటి దారి తేలిక, తిరుగు దారి కష్టం. సాధించేటప్పుడు మనం కష్టమైన దారిలో వస్తాం. సరిచూసేటప్పుడు తేలికైన దారిలో వెళతాం. అందుకే రెండు పేజీల సాధనను అయిదారు లైన్లలో పరీక్షించగలుగుతున్నాం.

ఇక మన లెక్క.

y″ − 3y′ + 2y = 4x,  y(0) = 4,  y′(0) = 5

మాటల్లో చెప్పాలంటే, y రెండో అవకలజం లోంచి మొదటి అవకలజానికి మూడు రెట్లు తీసేసి, y కి రెండు రెట్లు కలిపితే, x ఏదైనా సరే 4x రావాలి. x సున్నా దగ్గర y విలువ 4 ఉండాలి, y′ విలువ 5 ఉండాలి.

జవాబు పత్రంలో డబ్బాలో ఇలా ఉంది:

y = −eˣ + 2e²ˣ + 2x + 3

ఇందులో e అంటే సుమారు 2.718 విలువ ఉన్న స్థిరసంఖ్య. eˣ కి ఒక అరుదైన గుణం ఉంది: దాని అవకలజం మళ్లీ అదే. e²ˣ అయితే అవకలజం తీసిన ప్రతిసారీ ముందు ఒక 2 వచ్చి చేరుతుంది. 2x అవకలజం 2. ఒట్టి సంఖ్య మారదు కాబట్టి దాని అవకలజం సున్నా. మనకు కావాల్సిన నియమాలు ఈ నాలుగే.

మొదట చేయాల్సిన పని, ఆ జవాబును ఒక కొత్త కాగితం మీద పెద్ద అక్షరాలతో తిరగరాయడం. చేతిరాతకు సంబంధించిన చిక్కులు చాలావరకు ఇక్కడే బయటపడతాయి. e తల మీద చిన్నగా రాసిన 2x లో x కొంచెం కిందికి జారితే అది e² ను x తో గుణించినట్టు కనిపిస్తుంది. ఆ రెండూ పూర్తిగా వేరు. ఒకటి x పెరిగేకొద్దీ విపరీతంగా పెరుగుతుంది, రెండోది సరళరేఖ. పైన మీద పెట్టిన చిన్న గీత y′ లోనిదో, పక్కన పడిన సిరా మరకో తెలియని రాతలు ఉంటాయి. 1, 7 ఒకేలా రాసేవాళ్లు ఉంటారు. భిన్నం గీతకు ముందు ఉన్న రుణ గుర్తు ఆ గీతలోనే కలిసిపోయి మాయమవుతుంది. తిరగరాస్తున్నప్పుడు చేయి ఆగితే, అదే అనుమానించాల్సిన చోటు. అక్కడ రెండు రకాలుగా చదివి, రెండింటినీ పరీక్షకు పెట్టాలి. సమీకరణంలో ఇమిడేది ఒకటే ఉంటుంది, అదే ఆ విద్యార్థి మనసులో ఉన్నది.

రెండో జాగ్రత్త ఇంకా ముఖ్యం. ప్రశ్నను ప్రశ్నపత్రం నుంచే తీసుకోవాలి, జవాబు పత్రంలోని మొదటి లైను నుంచి కాదు. −3y′ ను +3y′ అని ఎక్కించుకున్న విద్యార్థి ఆ తర్వాత ఒక్క తప్పూ చేయకుండా చివరిదాకా వెళ్లగలడు. తాను ఎక్కించుకున్న లైనుతో సరిచూసుకుంటే అన్నీ చక్కగా సరిపోతాయి కూడా. అడగని లెక్కకు సరైన జవాబు అది.

ఇప్పుడు అవకలజాలు తీద్దాం.

y′ = −eˣ + 4e²ˣ + 2
y″ = −eˣ + 8e²ˣ

వీటిని సమీకరణం ఎడమవైపులో పెట్టాలి. ఇక్కడ చాలామంది మొత్తాన్ని ఒకే పొడవాటి లైనులో రాసి, బ్రాకెట్ల ముందున్న −3 ను ఒక పదానికి వర్తింపజేసి మరో పదానికి మరిచిపోతారు. నేను చెప్పేది ఒకదాని కింద ఒకటి, ఒకే రకం పదాలు ఒకే నిలువు వరసలో పడేలా రాయమని:

```
 y″   =  −1·eˣ  +   8·e²ˣ
−3y′  =  +3·eˣ  −  12·e²ˣ          −  6
 2y   =  −2·eˣ  +   4·e²ˣ  +  4x   +  6
```

ఇప్పుడు ఒక్కో నిలువు వరసను కూడాలి. eˣ వరసలో −1, +3, −2 కలిస్తే సున్నా. e²ˣ వరసలో 8, −12, 4 కలిస్తే సున్నా. x వరసలో 4x ఒక్కటే మిగిలింది. సంఖ్యల వరసలో −6, +6 కొట్టుకుపోయాయి. మొత్తం 4x. ప్రశ్నలో కుడివైపు ఉన్నదీ 4x. సమీకరణం సరిపోయింది.

గమనించండి, ఎడమవైపు లెక్కిస్తున్నంతసేపూ కుడివైపును ముట్టుకోలేదు. మొదటి లైనులోనే “= 4x” అని రాసేసి, రెండు వైపులా అటూ ఇటూ మారుస్తూ చివరికి 0 = 0 తెచ్చి సరిపోయిందనడం సరిచూడటం కిందికి రాదు. ఏది నిరూపించాలో దాన్నే ముందుగా ఒప్పుకున్నట్టయింది. పైగా రెండు వైపులనూ సున్నాతో గుణించినా 0 = 0 వస్తుంది. ఎడమవైపును విడిగా చివరిదాకా లెక్కించి, వచ్చినదాన్ని అప్పుడు కుడివైపుతో పోల్చాలి. ఈ క్రమశిక్షణ లేని చోట తప్పు జవాబులు కూడా ‘సరిపోతాయి’.

ఇంకా సగం పని మిగిలే ఉంది. తొలి నిబంధనలు చూడాలి. x కు బదులు సున్నా పెడితే e⁰ విలువ 1 అవుతుంది. y(0) = −1 + 2 + 0 + 3 = 4. సరిపోయింది. y′(0) = −1 + 4 + 2 = 5. ఇదీ సరిపోయింది.

ఈ రెండు చిన్న లైన్లలో కూడా జారే చోట్లు రెండున్నాయి. ఒకటి, e⁰ ను సున్నా అనుకోవడం. ఘాతంలో సున్నా కనబడగానే పదం మొత్తాన్నీ కొట్టేసే అలవాటు చాలామందికి ఉంటుంది. అలా చేస్తే y(0) కి 3 వచ్చి, సరైన జవాబును తప్పనుకుంటారు. రెండోది, వరస మార్చడం. ముందు అవకలజం తీసి, ఆ తర్వాతే x కు సున్నా ఇవ్వాలి. ముందే సున్నా పెట్టేస్తే y ఒట్టి సంఖ్యగా మారిపోతుంది, ఒట్టి సంఖ్య అవకలజం ఎప్పుడూ సున్నాయే.

సరైన జవాబుతో ఈ పద్ధతి బలం సగమే తెలుస్తుంది. తప్పు జవాబు ఇస్తే అది ఏం చెబుతుందో చూడాలి. ఇదే లెక్కలో తరచూ జరిగే తప్పులను ఒక్కొక్కటిగా పెట్టి చూద్దాం. అందుకు ఈ జవాబు ఎలా పుడుతుందో ఒక మాట చెప్పుకోవాలి. సమీకరణంలో కుడివైపు సున్నా ఉందనుకుని సాధిస్తే C₁eˣ + C₂e²ˣ వస్తుంది, C₁, C₂ ఏ సంఖ్యలైనా కావచ్చు. దీన్ని పూరక ప్రమేయం అంటారు. కుడివైపు 4x రావడానికి కావాల్సిన ముక్క 2x + 3, దాన్ని విడిగా కనుక్కుంటారు. ఇది ప్రత్యేక సమాకలని. రెండూ కలిపి, తొలి నిబంధనలు వాడి C₁, C₂ తేలుస్తారు.

ఒక విద్యార్థి ప్రత్యేక సమాకలని కనుక్కునేటప్పుడు ఒక గుర్తు తారుమారు చేసి 2x + 3 బదులు 2x − 3 అని రాశాడనుకోండి. eˣ, e²ˣ ఉన్న ముక్కలు ఎలాగూ కొట్టుకుపోతాయి కాబట్టి వాటిని పక్కన పెట్టి 2x − 3 ని మాత్రమే సమీకరణంలో పెడదాం. రెండో అవకలజం సున్నా. మొదటి అవకలజం 2, దానికి −3 రెట్లు −6. 2x − 3 కి రెండు రెట్లు 4x − 6. మొత్తం 4x − 12. రావాల్సింది 4x. తేడా −12.

చాలామంది ఇక్కడ ‘తప్పు’ అని రాసి మళ్లీ మొదటి నుంచి లెక్క చేయడానికి కూర్చుంటారు. అది శ్రమ దండగ. ఆ −12 వైపు ఒకసారి చూడండి. అందులో x లేదు, eˣ లేదు, ఒట్టి సంఖ్య. కాబట్టి ఘాత పదాల జోలికి పోనక్కర్లేదు, 2x కూడా సరిగ్గానే ఉంది. తప్పు ఆ స్థిరసంఖ్యలోనే ఉండాలి. స్థిరసంఖ్యకు ఎన్ని కలిపితే ఎడమవైపు 12 పెరుగుతుంది? సంఖ్య అవకలజాలు సున్నా కాబట్టి అది 2y ద్వారా మాత్రమే సమీకరణంలోకి వస్తుంది, రెండు రెట్లై వస్తుంది. అంటే 6 కలపాలి. −3 కి 6 కలిపితే +3. వెనక్కి ఒక్క పేజీ తిప్పకుండానే సరైన పదం దొరికింది. ఇక ఆ కొత్త పదంతో C₁, C₂ లను తొలి నిబంధనల నుంచి మళ్లీ కట్టుకుంటే లెక్క పూర్తవుతుంది. మిగిలిన తేడా ఏ వరసలో ఉందో, ఎంత ఉందో రాసుకోవడమే ఈ పరీక్షలో అన్నిటికన్నా విలువైన అలవాటని నేను నమ్ముతాను.

ఇంకో విద్యార్థి చివర్లో 2 తో భాగించడం మరిచిపోయి 4x + 6 అని రాశాడు. తొందరగా సరిచూద్దామని x కు బదులు సున్నా పెట్టాడు. రెండో అవకలజం సున్నా, −3 రెట్లు 4 అంటే −12, 2 రెట్లు 6 అంటే 12. మొత్తం సున్నా. కుడివైపు 4x కూడా x సున్నా దగ్గర సున్నాయే. సరిపోయిందనుకున్నాడు! x ను అలాగే ఉంచి లెక్కిస్తే ఎడమవైపు 8x వస్తుంది, రావాల్సింది 4x. తేడా 4x, అది సున్నా దగ్గర మాత్రమే కనబడకుండా దాక్కుంటుంది. సమీకరణం ప్రతి x దగ్గరా నిలవాలి. ఒక విలువ పెట్టి చూస్తే తప్పు బయటపడితే పడవచ్చు, కానీ బయటపడనంత మాత్రాన జవాబు సరైనదని చెప్పలేం. కాలిక్యులేటర్‌తో సరిచూసుకునేవాళ్లు కనీసం సున్నాను, ఒకటిని వదిలి 0.7 వంటి అడ్డదిడ్డమైన విలువలు రెండు మూడు వాడటం మంచిది.

ఈ రెండు తప్పులూ సమీకరణం పట్టేసింది. మూడోది సమీకరణానికి అస్సలు దొరకదు. తొలి నిబంధనలతో ప్రారంభించే లెక్కల్లో ఇంతకంటే ఎక్కువగా కనబడే తప్పు నాకు తెలియదు.

పూరక ప్రమేయం C₁eˣ + C₂e²ˣ రాగానే విద్యార్థికి తొలి నిబంధనలు కళ్లముందు కనబడతాయి. ఆగలేక అక్కడే వాడేస్తాడు. C₁ + C₂ = 4, C₁ + 2C₂ = 5 అని రాసి, C₂ = 1, C₁ = 3 తెచ్చుకుంటాడు. ఆ తర్వాత తీరిగ్గా ప్రత్యేక సమాకలని 2x + 3 కనుక్కుని, దానికి కలిపి, డబ్బా గీస్తాడు:

y = 3eˣ + e²ˣ + 2x + 3

ప్రతి స్టెప్పూ విడిగా చూస్తే తప్పులేదు. కూడికలు సరైనవే, ప్రత్యేక సమాకలని సరైనదే. సమీకరణంలో పెడితే eˣ వరసలో 3, −9, 6 కలిసి సున్నా. e²ˣ వరసలో 4, −6, 2 కలిసి సున్నా. మిగిలింది 4x. నిక్షేపంగా సరిపోయింది. ఇక్కడ ఆగిపోయినవాళ్లు ఈ జవాబుకు టిక్కు పెట్టేస్తారు.

ఇప్పుడు తొలి నిబంధనలు చూడండి. y(0) = 3 + 1 + 0 + 3 = 7. ఉండాల్సింది 4. y′(0) = 3 + 2 + 2 = 7. ఉండాల్సింది 5. రెండూ తప్పాయి. ఎంత తప్పాయి? ఒకటి 3, రెండోది 2. ఆ 3, 2 లను ఎక్కడో చూశాం కదా. 2x + 3 లో x సున్నా దగ్గర విలువ 3, దాని అవకలజం 2. జరిగిందేమిటో ఆ తేడాలే చెప్పేస్తున్నాయి: ప్రత్యేక సమాకలని కలపకముందే C₁, C₂ తేల్చేశాడు, తర్వాత కలిపిన ముక్క తన విలువను, తన వేగాన్ని వెంట తెచ్చి నిబంధనలను అంతమేరకు జరిపేసింది. రావాల్సిన 4, 5 లలోంచి ఆ 3, 2 లను తీసేసి C₁ + C₂ = 1, C₁ + 2C₂ = 3 అని మళ్లీ రాస్తే C₂ = 2, C₁ = −1 వచ్చి అసలు జవాబు చేతికొస్తుంది.

సమీకరణం ఈ తప్పును ఎందుకు పట్టలేదు? C₁, C₂ ఎంతైనా eˣ, e²ˣ వరసలు సున్నాకు కొట్టుకుపోవడమే కారణం. ఆ సంఖ్యల విషయంలో సమీకరణానికి చూపు లేదు. తొలి నిబంధనలకు మరో వైపు చూపు లేదు. y = 4 + 5x అని ఎవరైనా రాసిచ్చారనుకోండి. సున్నా దగ్గర విలువ 4, వేగం 5, రెండు నిబంధనలూ చక్కగా సరిపోయాయి. సమీకరణంలో పెడితే మాత్రం 0 − 15 + 8 + 10x, అంటే 10x − 7 వస్తుంది, 4x తో దానికి సంబంధమే లేదు. తొలి నిబంధనలు x సున్నా అనే ఒక్క చోటనే చూస్తాయి. సమీకరణం మిగతా దారంతా చూస్తుంది గానీ ఎక్కడ మొదలయ్యారో అడగదు. ఒకటి చేసి రెండోది వదిలేసిన పరీక్ష, పరీక్ష కాదు.

రెండూ చేస్తే మాత్రం ఇంకేమీ అక్కర్లేదు. మన లెక్క వంటి వాటికి, అంటే y, y′, y″ లకు స్థిరసంఖ్యలే గుణకాలుగా ఉన్న సమీకరణాలకు, ఇచ్చిన తొలి నిబంధనలతో సాధన ఒకే ఒక్కటి ఉంటుందని సిద్ధాంతం ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో పికార్డ్, లిండెలాఫ్ వంటి గణితజ్ఞులు ఇలాంటి ఏకైకతను ఇంకా విశాలమైన సమీకరణాలకు కూడా నిలబెట్టారు. అందుకే విద్యార్థి ఊహించి రాశాడా, పక్క పుస్తకంలో ఎత్తాడా, మనం చెప్పని పద్ధతిలో చేశాడా అన్నది జవాబు ఒప్పుతప్పులకు అనవసరం. రెండు పరీక్షలూ నెగ్గితే ఆ జవాబే జవాబు. పుస్తకం వెనక ఉన్న జవాబు చూడటానికి వేరేగా ఉన్నా కంగారుపడక్కర్లేదు. రెండూ నెగ్గితే అవి ఒకే సూత్రానికి రెండు రూపాలు.

ఈ హామీకి హద్దు ఉంది. y′ = 2√y, y(0) = 0 అనే చిన్న సమీకరణం చూడండి. y = 0 అని రాస్తే రెండు వైపులా సున్నా, తొలి నిబంధనా సరిపోయింది. y = x² అని రాస్తే y′ = 2x, 2√y కూడా 2x, తొలి నిబంధన మళ్లీ సరిపోయింది. ఒకే ప్రశ్నకు రెండు జవాబులూ పరీక్ష నెగ్గాయి. y సున్నా దగ్గర వర్గమూలం మరీ నిటారుగా లేస్తుంది కాబట్టి ఏకైకత సిద్ధాంతం ఇక్కడ వర్తించదు. రెండో జవాబులో ఇంకో మెలిక కూడా ఉంది. x రుణ సంఖ్య అయితే y′ = 2x రుణం, కానీ వర్గమూలం ఎప్పుడూ రుణం కాదు. x = −1 పెట్టండి, ఎడమవైపు −2, కుడివైపు 2. అంటే y = x² సున్నా నుంచి కుడివైపు మాత్రమే సాధన. వర్గమూలాలు, లాగరిథమ్‌లు, హారంలో x ఉన్న జవాబులు వచ్చినప్పుడు, ఏ x విలువలకు ఇది నిలుస్తుందో కూడా రాయకపోతే సరిచూడటం పూర్తికానట్టే.

పరీక్షలోనే తప్పు దొర్లే ప్రమాదం కూడా ఉంది. సరైన జవాబునే తీసుకుని y″ లో 8e²ˣ బదులు 4e²ˣ రాశారనుకోండి. చివరికి −4e²ˣ మిగులుతుంది, జవాబు తప్పనిపిస్తుంది. అలాంటప్పుడు జవాబు మీద పడకముందు e²ˣ ఒక్కదాన్నే సమీకరణంలో పెట్టి చూడండి. దాని రెండో అవకలజం 4e²ˣ, −3 రెట్లు మొదటిది −6e²ˣ, రెండు రెట్లు అది 2e²ˣ. కలిపితే సున్నా. e²ˣ ముందు ఏ సంఖ్య ఉన్నా ఆ వరస సున్నా కావాల్సిందే. కాకపోయిందంటే తప్పు జవాబులో లేదు, ఇప్పుడు మనం తీసిన అవకలజంలో ఉంది. సొంత లెక్కను సరిచూసుకునేవాళ్లకు ఇంకో చిక్కు ఉంటుంది. e²ˣ అవకలజం e²ˣ అనే తప్పు నమ్మకం తలలో ఉంటే, అది సాధనలోనూ వస్తుంది, సరిచూడటంలోనూ వస్తుంది, రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పేసుకోవచ్చు. అందుకే పాత పేజీ మూసేసి, వీలైతే కాస్త విరామం తర్వాత, అవకలజాలు మొదటి నుంచి తీయాలి. సాధించేటప్పుడు రాసుకున్న y′ ను అక్కడి నుంచి ఎత్తి వాడకూడదు.

పరీక్ష హాలులో సమయం ఉండదని విద్యార్థులు అంటారు, నిజమే. అయినా పైన చూపిన నిలువు వరసల కూడిక, రెండు తొలి నిబంధనలు కలిపి ఏడెనిమిది లైన్లకు మించవు. సమయం మరీ తక్కువైతే ముందు తొలి నిబంధనలు చూసుకోండి. రెండు లైన్ల పని, పైగా అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు అక్కడే దొరుకుతుంది.

పేపర్లు దిద్దే లెక్చరర్లకు ఒక విన్నపం. డబ్బాలో జవాబు తప్పుగా ఉండి, దాని కింద విద్యార్థి ఎడమవైపు లెక్కించి “4x − 12 వచ్చింది, తేడా −12, సంఖ్య పదం తప్పు” అని రాసి, దిద్దే సమయం లేక పేపరు ఇచ్చేశాడనుకోండి. ఆ లైనుకు మార్కు ఇవ్వండి. ప్రశ్నపత్రం తయారుచేసేటప్పుడు ‘సాధించండి’ పక్కన ‘సరిచూడండి’ అనే మాట కూడా చేర్చి, దానికి విడిగా మార్కులు కేటాయించండి.